మిద్దెపై ఎన్ని అంగుళాలు?

మే నెల మధ్యాహ్నం విజయవాడలో మిద్దె మీద వట్టికాళ్లతో నిలబడలేం. ఆ వేడే స్లాబులోంచి దిగి కింది గదిలో ఏసీకి పని పెంచుతుంది. అందుకే స్లాబుపై ఫోమ్ షీట్లు పరచి, పైన సిమెంటు పోయించుకుంటున్నారు. షీటు ఎంత మందం ఉంటే అంత మంచిదని అమ్మేవాళ్లు చెబుతారు. లెక్క వేసి చూద్దాం.

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గది. ఏసీ ఏడాదికి 150 రోజులు, రోజుకు 10 గంటలు నడుస్తుంది. ఆ వేళల్లో స్లాబు పైభాగానికీ గదికీ సగటున 15 డిగ్రీల తేడా అనుకుందాం. పైకప్పు నుంచి దిగే వేడిని తోడిపోయడానికే ఏటా సుమారు 275 యూనిట్లు ఖర్చవుతాయి. ఒక అంగుళం షీటు వేస్తే అది 73కి పడిపోతుంది. అంటే 200 యూనిట్లు మిగులు! రెండో అంగుళం మిగిల్చేది 31 యూనిట్లే. మూడోది 12, నాలుగోది 7.

నాలుగు షీట్లూ ఒకటే సరుకు. మరి ఇంత తేడా ఎందుకు? కాంక్రీటు వేడిని పెద్దగా ఆపదు. మొదటి అంగుళం పడగానే మొత్తం అడ్డు దాదాపు నాలుగింతలై, దిగే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. రెండో అంగుళం ఎంత బాగా పనిచేసినా, ఆ మిగిలిన పావులోంచే తగ్గించాలి.

యూనిట్ 8 రూపాయలు, అంగుళం మందం షీటు చదరపు అడుగుకు 30 రూపాయలు అనుకుంటే, గదికి ఒక్కో పొర 3,600 అవుతుంది. మొదటి షీటు ఖరీదు రెండేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. రెండోదానికి 14 ఏళ్లు, మూడోదానికి 37 ఏళ్లకు పైగా పడుతుంది. కూలీ, పైన పోసే సిమెంటు ఎన్ని పొరలకైనా ఒకేసారి కాబట్టి, పని మొదలెట్టినప్పుడే రెండంగుళాలు వేయించడం ఫర్వాలేదు. తర్వాత మిద్దె పగలగొట్టి వేయించడం మాత్రం దండగ. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు పెట్టిన పరిమితిని ఒక్క అంగుళంతోనే అందుకోవచ్చు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ యంత్రాలు నెలల తరబడి రాత్రింబవళ్లు నడుస్తాయి, లోపలికీ బయటికీ తేడా ఎక్కువ. కాబట్టి మూడో, నాలుగో అంగుళం కూడా డబ్బు తిరిగిస్తుంది. దీనికి విరుద్ధంగా, మిద్దెకు ముందే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేసినవారికి ఆ 15 డిగ్రీల తేడాయే తగ్గిపోతుంది. అప్పుడు మొదటి పొర లాభమూ ఆ మేరకు తగ్గుతుంది. నన్నడిగితే ముందు పెయింటే వేయిస్తాను.

ఒక అంగుళం వేశాక కూడా బిల్లు తగ్గకపోతే ఇంకో షీటు కొనకండి. సాయంత్రం గదిలో నిచ్చెన ఎక్కి సీలింగును చేత్తో తాకి చూడండి. మిగతాచోట్ల కన్నా చారలు చారలుగా వేడి తగిలితే షీట్ల మధ్య సందులున్నట్టు. అంతటా చల్లగానే ఉంటే, వేడి పడమటి కిటికీ అద్దంలోంచి వస్తుండవచ్చు.