అమ్మమ్మ దగ్గు, అయిదు వారాల బిడ్డ

పురిటికొచ్చిన కూతురి బిడ్డకు అయిదు వారాలు నిండాయనుకుందాం. అమ్మమ్మకు 16 రోజులుగా దగ్గు. పగలు ఫర్వాలేదు, రాత్రి తెర వచ్చిందంటే ఊపిరి సలపదు, చివర్లో వాంతి అవుతుంది. జ్వరం లేదు కదా, ఎలర్జీ అయ్యుంటుందని సిరప్ తాగుతూ బిడ్డకు తనే నీళ్లు పోస్తోంది. నాలుగు రోజుల కిందట బిడ్డకు ముక్కు కారడం మొదలైంది. ఇవాళ పాలు తాగుతూ ఆగిపోయింది, పెదాలు నీలం తిరిగాయి.

ఇక్కడ అనుమానించాల్సింది కోరింత దగ్గును. ఇది బొర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మొదటి ఒకటి రెండు వారాలు మామూలు జలుబులాగే ఉంటుంది. ఎక్కువగా అంటుకునేది కూడా అప్పుడే. తరువాత దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, తెర చివర గాలి పీల్చుకునేటప్పుడు కూత వినిపిస్తుంది. ఈ దశ వారాల తరబడి సాగి, ఆపై మెల్లగా తగ్గుతుంది. పెద్దవాళ్లలో చాలామందికి కూత ఉండదు, వదలని దగ్గే ఉంటుంది. పసిబిడ్డకైతే ఒక్కోసారి దగ్గు కూడా రాదు, ఊపిరే ఆగుతుంది. అందుకే ఆ బిడ్డను వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ముక్కు లోపలి నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఫలితం కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు.

ఆ మందు మాక్రోలైడ్ జాతికి చెందిన అజిత్రోమైసిన్. ఈ వయసులో కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి, 5 రోజులు ఇస్తారు. నెలలోపు బిడ్డలకు ఎరిత్రోమైసిన్ కన్నా దీన్నే ఎంచుకుంటారు. ఎరిత్రోమైసిన్ వల్ల జీర్ణాశయం చివరి దారి బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. అజిత్రోమైసిన్‌తోనూ ఆ ముప్పు కొంత ఉంది కనుక, బిడ్డ పాలు ఎగజిమ్మినట్టు కక్కుతుంటే డాక్టరుకు చెప్పాలి.

మందు వేసినా దగ్గు ఎందుకు తగ్గలేదని చాలామంది అడుగుతారు. తెరలు మొదలయ్యేసరికే బ్యాక్టీరియా విషం శ్వాసనాళాల లోపొరను దెబ్బతీసి ఉంటుంది. అది మానడానికి సమయం పడుతుంది. అప్పుడు మందు చేసే ముఖ్యమైన మేలు, జబ్బు ఇతరులకు పాకకుండా ఆపడం. 5 రోజుల కోర్సు పూర్తయితే రోగి నుంచి ఇక అంటుకోదు.

అమ్మమ్మకు దగ్గు మొదలై ఇంకా 21 రోజులు కాలేదు. కాబట్టి ఆమెకు చికిత్సతో పాటు, దగ్గు లేకపోయినా తల్లికి, తండ్రికి, తాతకు, ఇంట్లో ఉన్న పెద్దపిల్లకు కూడా అదే మందు ముందుజాగ్రత్తగా ఇవ్వాలి. టీకాలన్నీ వేయించుకున్నాం అన్నా సరే, ఎందుకంటే ఆ రక్షణ కొన్నేళ్లకు తగ్గిపోతుంది. గుండె లయ సమస్య ఉన్నవారు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

మన దేశంలో బిడ్డకు పెంటావాలెంట్ మొదటి డోసు పడేది 6 వారాలకు. ఆలోపు రక్షణ తల్లి నుంచే రావాలి. గర్భిణులు 27 నుంచి 36 వారాల మధ్య టీడాప్ టీకా గురించి డాక్టరును అడగండి. ప్రభుత్వ కేంద్రాల్లో మామూలుగా వేసే టీడీలో కోరింత దగ్గు భాగం ఉండదు.

రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవారెవరైనా, పరీక్ష చేయించుకునేదాకా బిడ్డను ఎత్తుకోకండి.