ఆఫర్ ఒప్పుకున్నాక రిఫర్ చేసినవారికి చెప్పాల్సిన మాట

ఉద్యోగానికి రిఫర్ చేయడమంటే, ఒక కంపెనీలో పనిచేస్తున్న వ్యక్తి బయట ఉన్న మరొకరి పేరును తన పూచీ మీద లోపలికి పంపడం. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఇది ఎక్కువగా లోపలి పోర్టల్ ద్వారా జరుగుతుంది. ఉద్యోగి అభ్యర్థి రెజ్యూమేను అందులోకి ఎక్కించి, ఏ ఖాళీకి పంపుతున్నదీ చూపించి, ఈ మనిషి తనకు ఎలా తెలుసో, కలిసి పనిచేసిందీ లేనిదీ రాస్తారు. అక్కడితో వారి పని దాదాపు ముగుస్తుంది. ఇంటర్వ్యూ రౌండ్లు, జీతం బేరం, ఆఫర్ లెటర్ అన్నీ అభ్యర్థికీ హెచ్‌ఆర్‌కీ మధ్యే నడుస్తాయి. రిఫర్ చేసినవారికి పోర్టల్‌లో దరఖాస్తు ఏ దశలో ఉందో చెప్పే ఒక చిన్న ముక్క కనిపిస్తే కనిపిస్తుంది. చాలాసార్లు అది కూడా వారాల తరబడి మారదు.

కాబట్టి ఆఫర్ ఒప్పుకున్న సంగతి రిఫర్ చేసినవారికి తనంతట తానే తెలిసిపోతుందని అనుకోవడం పొరపాటు. కృతజ్ఞత చెప్పే సందేశం మొట్టమొదట ఒక కబురు. తన పూచీ మీద పంపిన మనిషి ఎంపికయ్యాడా, ఏ పోస్టుకు, ఎప్పుడు చేరుతున్నాడు అన్నవి వారు ముందుగా తెలుసుకోవాల్సింది అభ్యర్థి నోటి నుంచే. ఆఫర్‌కు అంగీకారం పంపిన రోజే, మరీ ఆలస్యమైతే మర్నాడు, ఈ మాట చేరాలి. లింక్డ్‌ఇన్‌లో కొత్త ఉద్యోగం ప్రకటన చూసి రిఫర్ చేసినవారికి విషయం తెలిస్తే, ఆ తర్వాత ఎంత బాగా రాసిన సందేశమైనా వెలవెలబోతుంది.

ఈ మాటను పైకి చెప్పాల్సిన అవసరం ఎక్కడిదంటే, రిఫర్ చేసేవారు సాధారణంగా మరీ దగ్గరివారు కారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగం మారిన కొందరిని విచారించి, 1973లో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసంలో ఒక సంగతి చూపించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలుస్తూ ఉన్నది ఆరుగురిలో ఒక్కరే. మిగతావారికి సాయపడింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే వ్యక్తులు. ఇక్కడా అంతే: కాలేజీ సీనియర్, పాత టీమ్‌లో పనిచేసిన సహోద్యోగి, బావమరిది స్నేహితుడు. మన ఇళ్లలో అన్నదమ్ములకు, మేనమామకు కృతజ్ఞత మాటల్లో చెప్పే అలవాటు తక్కువ, చెప్తే పరాయివాళ్లను చేసినట్టు ఉంటుంది. మూడేళ్లకోసారి పలకరించుకునే సీనియర్ దగ్గర ఆ అలవాటు పనిచేయదు. అక్కడ మౌనాన్ని మౌనంగానే అర్థం చేసుకుంటారు.

ఇక సందేశంలో ఏముండాలి? ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లో చదివి, హైదరాబాద్‌లో ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న ఒక అమ్మాయిని ఆమె కాలేజీ సీనియర్ తన కంపెనీలో రిఫర్ చేశాడు. రెజ్యూమే పంపించే ముందు ఫోన్ చేసి, ఆ టీమ్ ఆటోమేషన్ వైపు మారుతోందని, ఆమె చేసిన ఆటోమేషన్ ప్రాజెక్టును మొదటి పేజీలోకి తెమ్మని చెప్పాడు. ఆఫర్ వచ్చింది, ఒప్పుకుంది. అప్పుడు ఆమె రాయదగిన సందేశం ఇలా ఉంటుంది:

“అన్నా, నమస్తే. ఆఫర్ ఈరోజే యాక్సెప్ట్ చేశాను, మీరు రిఫర్ చేసిన పోస్టే. జూన్ 15న జాయినింగ్, హైదరాబాద్ ఆఫీసులోనే. ఆటోమేషన్ ప్రాజెక్టు ముందుకు తెమ్మన్నారు కదా, రెండో రౌండ్ సగం దాని మీదే నడిచింది. మీరు చెప్పకపోతే అది మూడో పేజీలోనే ఉండిపోయేది. చాలా థాంక్స్ అన్నా. ఇక్కడ ఇంకా రిజైన్ చేయలేదు, సోమవారం చేస్తున్నాను. అప్పటిదాకా మన కాలేజీ గ్రూపులో చెప్పకండి.”

ఇందులో బలమంతా రెండో రౌండ్ గురించిన ఆ ఒక్క వాక్యానిది. ‘మీ మేలు మరచిపోలేను’ అన్న మాట ఎవరికైనా రాయొచ్చు. రిఫర్ చేసినవారు ఇచ్చిన ఫలానా సలహా ఫలానా చోట పనికొచ్చిందని చెప్పగలిగేది అభ్యర్థి ఒక్కరే. ఆ సమాచారం వారికి తర్వాత ఇంకొకరిని పంపేటప్పుడు కూడా అక్కరకొస్తుంది. రిజైన్ సంగతి రాయడం కూడా అవసరమే. ఐటీలో ఒకరికొకరు తెలిసినవాళ్లే ఎక్కువ కాబట్టి, గ్రూపులో ఎవరో సంతోషంగా పెట్టిన అభినందన పాత మేనేజర్ దాకా వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. జీతం అంకె మాత్రం ఇందులో అక్కర్లేదు. చాలా కంపెనీలు దాన్ని గోప్యంగా ఉంచమంటాయి. పైగా అదే కంపెనీలో తక్కువకు పనిచేస్తున్నవారికి ఆ అంకె అనవసరమైన చేదు మిగులుస్తుంది.

రిఫరల్ బోనస్ ప్రసక్తి తేకపోవడం మంచిది. కొన్ని కంపెనీలు రిఫర్ చేసిన ఉద్యోగికి కొంత సొమ్ము ఇస్తాయి. అది సాధారణంగా కొత్తవారు చేరి, కొన్ని నెలలు నిలిచాకే, పన్ను పోగా జీతంతో పాటు వస్తుంది. ‘మీకూ బోనస్ వస్తుందిలెండి’ అని సరదాగా అన్నా, చేసిన సాయానికి వెల కట్టినట్టు అవుతుంది. అందులో వాటా అడగడం మరీ తప్పు. అభ్యర్థి తిరిగి డబ్బు ఇవ్వడం అంతకంటే ప్రమాదకరం. డబ్బు తీసుకుని రిఫర్ చేశారన్న అనుమానం వస్తే ఇద్దరి ఉద్యోగాలకూ ముప్పు. చేరిన తర్వాత ఒక స్వీట్ బాక్సో, కలిసి భోజనమో సరిపోతుంది.

అసలు చిక్కు ఆఫర్ ఒప్పుకున్న రోజుకూ చేరే రోజుకూ మధ్య ఉన్న కాలంలో ఉంది. మన ఐటీలో 60 నుంచి 90 రోజుల నోటీసు మామూలు. ఈలోగా పాత కంపెనీ జీతం పెంచి ఆపుకోవచ్చు, మరోచోట నుంచి పెద్ద ఆఫర్ రావచ్చు. మనసు మారితే హెచ్‌ఆర్‌కు రాసే రోజునే రిఫర్ చేసినవారికి ఫోన్ చేయడం వారి పట్ల కనీస బాధ్యత. మెసేజ్ కాదు, ఫోనే. వాళ్ల మేనేజర్ కారిడార్‌లో ఆపి ‘మీవాడు రావట్లేదటగా’ అని అడిగేసరికి, వారి దగ్గర జవాబు ఉండాలి. కారణాలు పొడుగ్గా వివరించనక్కర్లేదు. రావడం లేదని, హెచ్‌ఆర్‌కు చెప్పానని, వారిని ఇబ్బంది పెట్టినందుకు బాధగా ఉందని చెప్తే చాలు. ఆఖరి రోజు దాకా నాన్చి, చేరాల్సిన ఉదయం ఫోన్ ఎత్తకపోవడం వల్ల దెబ్బ తినేది రిఫర్ చేసినవారి మాటే. వాళ్లు తర్వాత పంపే రెజ్యూమేలను కూడా అక్కడివాళ్లు అనుమానంగా చూస్తారు.

చేరడం ఖాయమైతే నోటీసు కాలంలో ఒకసారి, రిలీవింగ్ తేదీ తేలినప్పుడు, రెండు ముక్కలు రాయడం సరిపోతుంది. తేదీ జరిగితే అదీ చెప్పాలి. చేరిన రోజు ఏ టీమ్‌లో వేశారో తెలుపుతూ మరో మెసేజ్. బోనస్ గడువు లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది కనుక, ఆ మాట ఎత్తకుండానే వారికి కావలసిన తేదీ అందులో అందుతుంది.

కొన్నిసార్లు మధ్యలో ఇంకొకరు ఉంటారు. రిఫర్ చేసినవారి నంబర్ ఇచ్చి, ‘నా పేరు చెప్పు’ అన్న పాత సహోద్యోగి. పోర్టల్‌లో ఆ పేరు ఎక్కడా ఉండదు. ఆఫర్ కబురు అదే రోజు ఆయనకూ విడిగా వెళ్లాలి.