తెర మారితే తప్పిపోయే బటన్

16:9 తెరను ముందు పెట్టుకుని తయారుచేసిన ఆటను 20:9 ఫోన్‌లో తెరిస్తే, కుడి పైమూలన ఉండాల్సిన నాణేల బటన్ ఒక్కోసారి అసలు కనిపించదు. టాబ్లెట్‌లో అదే బటన్ మూల వదిలి కిందికి దిగి కూర్చుంటుంది. ఫోన్‌ను తిట్టుకుని లాభం లేదు. యూనిటీ ఇంజిన్ తనకు చెప్పినట్టే చేసింది.

ఆటలోని బటన్లూ స్కోరు అక్షరాలూ అన్నీ కాన్వాస్ అనే పలక మీద ఉంటాయి. డిజైనర్ దాన్ని 1920×1080 కొలతకు గీశాడనుకుందాం. బటన్ వెడల్పు 160, ఎత్తు 80. కుడి అంచు నుంచీ పై అంచు నుంచీ 20 ఖాళీ వదిలి పెట్టాడు. యాంకర్‌ను మాత్రం ముట్టుకోలేదు, అది మామూలుగా ఉండే చోటే, అంటే నడిమధ్యనే, ఉండిపోయింది. కాబట్టి ఇంజిన్ రాసుకున్నది ‘మూల నుంచి 20’ అని కాదు. ‘మధ్య నుంచి కుడికి 860, పైకి 480’ అని.

ఇప్పుడు 2400×1080 ఫోన్ వచ్చింది. కాన్వాస్ స్కేలర్‌లో Scale With Screen Size ఎంచుకుని, Match విలువ 0 దగ్గర ఉంచితే ఇంజిన్ వెడల్పునే చూస్తుంది. 2400ను 1920తో భాగిస్తే 1.25. ప్రతిదీ అంత పెద్దదవుతుంది. తెర ఎత్తు 1080ని అదే 1.25తో భాగిస్తే కాన్వాస్‌కు మిగిలే ఎత్తు 864 యూనిట్లే. మధ్య నుంచి పై అంచుకు 432. మన బటన్ కింది అంచే 440 దగ్గర ఉంది. అందుకే మొత్తం తెర బయటికి పోయింది.

ఇక్కడ చాలామంది చేసే పని Match స్లైడర్‌ను అటూ ఇటూ జరపడం. 1కి తెస్తే ఎత్తును బట్టి కొలుస్తుంది. బటన్ కనిపిస్తుంది గానీ కుడి అంచుకు 260 యూనిట్లు ఎడంగా నిలబడుతుంది. అదే అమరికతో 4:3 టాబ్లెట్‌లో చూస్తే కాన్వాస్ వెడల్పు 1440కి కుంచించుకుపోయి, బటన్ ఈసారి కుడివైపు నుంచి మాయమవుతుంది. 0.5 పెడితే ఫోన్‌లో బటన్ పైభాగం సగానికి దగ్గరగా తెగుతుంది. ఒక తెరకు నప్పిన విలువ ఇంకో తెరకు నప్పకపోవడం సహజమే. Match చెప్పేది ఎంత పెద్దగా చూపాలో మాత్రమే, ఎక్కడ ఉంచాలో కాదు.

ఎక్కడ ఉంచాలో చెప్పేవి యాంకరూ పివటూ. దూడను గుంజకు కట్టడం లాంటిదే ఇది: గుంజ యాంకర్, తాడు పొడవు దూరం, తాడును దూడ ఒంటి మీద ఎక్కడ కట్టామన్నది పివట్. గుంజను కుడి పైమూలకు మార్చి, అంటే యాంకర్‌ను (1, 1) చేసి, పివట్ కూడా (1, 1) పెడితే దూరం (-20, -20) అవుతుంది. ఇక కాన్వాస్ ఎంత సాగినా కుంచించుకున్నా బటన్ మూలకు 20 యూనిట్లలోనే ఉంటుంది.

యాంకర్ మార్చి పివట్‌ను మధ్యలోనే వదిలేస్తే ఏమవుతుంది? దూరం (-100, -60) అవుతుంది, చూడ్డానికి తేడా ఏమీ ఉండదు. ఆటగాడి నాణేలు 99 నుంచి 1,25,000కి చేరి, అంకెలకు తగ్గట్టు బటన్ వెడల్పు 260 అయినప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. పెరిగిన 100లో సగం కుడివైపుకే పోతుంది. 20 ఖాళీ తినేసి, ఇంకో 30 తెర దాటుతుంది. పివట్ కుడి అంచున ఉంటే పెరుగుదలంతా ఎడమకే. పరీక్షల్లో ఇది దొరకదు, ఎందుకంటే పరీక్షించేవాడి దగ్గర అన్ని నాణేలు ఉండవు.

యాంకర్లు సరిచేశాక Matchను తీరిగ్గా ఎంచుకోవచ్చు. నా మటుకు Expand మేలు: రెండు నిష్పత్తుల్లో చిన్నదాన్ని తీసుకుంటుంది కాబట్టి కాన్వాస్ ఎప్పుడూ 1920×1080 కంటే తగ్గదు. పొరపాటున మధ్యకు కట్టిన బటన్ కూడా జరుగుతుందే తప్ప పోదు. కాకపోతే 4:3 తెర మీద అక్షరాలు చిన్నగా కనిపిస్తాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా కెమెరా గాటు కింద బటన్ దాక్కుంటే, యాంకర్ కొలిచేది తెరను కాదు, తన పై పలకను అన్న సంగతి గుర్తు చేసుకోవాలి. Screen.safeArea ఇచ్చే కొలతకు ఒక ఖాళీ పలకను సర్ది, బటన్లన్నీ దాని లోపల పెడితే అవే (-20, -20) విలువలు గాటును తప్పించుకుంటాయి.