పూర్తి స్పేస్ గ్రూపు గుర్తును చదివే విధానం: నాఫ్తలీన్ స్ఫటికం ఆధారంగా వివరణ

వ్యాస సంగ్రహం:

స్ఫటిక నిర్మాణాలను నివేదించే పరిశోధన పత్రాలలో P2₁/a వంటి సంక్షిప్త గుర్తులు కనిపిస్తాయి. వాటి పూర్తి రూపాన్ని చదవడం తెలిస్తే స్ఫటికంలో అణువుల అమరికను చాలావరకు ముందుగానే ఊహించవచ్చు. నాఫ్తలీన్ స్ఫటికాన్ని ఉదాహరణగా తీసుకొని, P 1 2₁/a 1 అనే పూర్తి గుర్తులోని ఒక్కొక్క అంశం అర్థమేమిటో, అందులోని స్క్రూ అక్షం, గ్లైడ్ తలం నిర్మాణాన్ని ఎలా నిర్ణయిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: స్ఫటికం, సౌష్ఠవం, యూనిట్ సెల్, స్క్రూ అక్షం, గ్లైడ్ తలం, ఎక్స్-కిరణ వివర్తనం.

1. ఉపోద్ఘాతం:

బట్టల పెట్టెలలో వేసే కలరా ఉండల ద్వారా నాఫ్తలీన్ చాలా ఇళ్లకు పరిచయమైన పదార్థమే. దాని అణువులో ఒక అంచును పంచుకొన్న రెండు షడ్భుజాకార వలయాలు ఉంటాయి. 10 కార్బన్, 8 హైడ్రోజన్ పరమాణువులు దాదాపు ఒకే తలంలో పరుచుకొని ఉంటాయి. ఇటువంటి బల్లపరుపు అణువులు స్ఫటికంలో ఎలా సర్దుకొంటాయన్నది ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్రం తొలినాళ్ల ప్రశ్నలలో ఒకటి. విలియం హెన్రీ బ్రాగ్ 1921లో దీనిపై పనిచేశాడు. 1930లో కేదారేశ్వర్ బెనర్జీ నాఫ్తలీన్, ఆంథ్రసీన్ నిర్మాణాలపై తన ఫలితాలను ప్రకటించాడు. జె. ఎం. రాబర్ట్‌సన్ 1933లో నాఫ్తలీన్‌పై మరింత వివరమైన విశ్లేషణ చేశాడు. ఈ స్ఫటికం సౌష్ఠవం మొత్తాన్ని P 1 2₁/a 1 అన్న గుర్తు చెబుతుంది. కార్ల్ హెర్మన్, షార్ల్ మోగాఁ రూపొందించిన పద్ధతిలో రాసిన గుర్తు ఇది.

2. గుర్తులోని పదవిభాగం:

సాధారణంగా పత్రాలలో P2₁/a అనే రాస్తారు. తెలుగు వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇది సమాసం వంటిది, P 1 2₁/a 1 దాని విగ్రహవాక్యం వంటిది. సమాసంలో లోపించిన అంశాలు విగ్రహంలో బయటపడినట్లే, సంక్షిప్త గుర్తులో కనిపించని దిక్కులు పూర్తి గుర్తులో కనిపిస్తాయి.

మొదటి అక్షరం P జాలకం రకాన్ని చెబుతుంది. యూనిట్ సెల్ మూలలలో తప్ప మరెక్కడా అదనపు జాలక బిందువులు లేవని దాని అర్థం. ఆ తరువాతి మూడు స్థానాలు వరుసగా a, b, c అక్షాల దిక్కులకు చెందినవి. మొదటి స్థానంలోని 1 అనే అంకె, a దిక్కుకు సంబంధించిన సౌష్ఠవమేదీ లేదని తెలుపుతుంది. చివరి 1 కూడా c విషయంలో అదే చెబుతుంది. మధ్యస్థానంలో 2₁/a ఉంది కనుక ఈ స్ఫటికంలోని విశేషమంతా b అక్షం చుట్టూనే ఉంది. నాఫ్తలీన్ మోనోక్లినిక్ వర్గానికి చెందినది. దానిలో b అక్షం మిగిలిన రెండింటికీ లంబంగా ఉంటుంది, a, c అక్షాల మధ్య కోణం మాత్రం లంబకోణం కాదు.

2₁/a లోని గీతను భాగహారంగా చదవకూడదు. 'అక్షానికి లంబంగా ఉన్న తలం' అని దాని అర్థం. అంటే b దిక్కున 2₁ స్క్రూ అక్షం, ఆ b కి లంబంగా ఒక గ్లైడ్ తలం ఉన్నాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. a అనే అక్షరాన్ని చూసి తలం a కి లంబంగా ఉందనుకొంటారు. నిజానికి తలం ఏ దిక్కుకు లంబంగా ఉందో గుర్తులోని స్థానం చెబుతుంది, జరుగుదల ఏ దిక్కుగా సాగుతుందో అక్షరం చెబుతుంది. P 1 2₁/a 1 లో తలం b కి లంబంగా ఉంటుంది, జరుగుదల a వెంట ఉంటుంది.

3. స్క్రూ అక్షం, గ్లైడ్ తలం చేసే పని:

యూనిట్ సెల్‌లో ఒక పరమాణువు (x, y, z) వద్ద ఉందనుకొందాం. స్క్రూ అక్షం దానిని 180 డిగ్రీలు తిప్పి, b వెంట సెల్ పొడవులో సగం ముందుకు నెడుతుంది. ఫలితంగా (½ − x, ½ + y, −z) వద్ద అదే రకం పరమాణువు ఉండి తీరాలి. గ్లైడ్ తలం దానిని అద్దంలో ప్రతిబింబింపజేసి, a వెంట సగం జరుపుతుంది. అది (½ + x, ½ − y, z) అవుతుంది. ఈ రెండు పనులను ఒకదాని తరువాత మరొకటి చేసి, పూర్తి సెల్ జరుగుదలలను విడిచిపెడితే (−x, −y, −z) మిగులుతుంది. అంటే గుర్తులో ఎక్కడా రాయకపోయినా మూలబిందువు వద్ద ఒక సౌష్ఠవ కేంద్రం ఏర్పడుతుంది.

సరిగ్గా సగమే జరగడం యాదృచ్ఛికం కాదు. స్క్రూ ప్రక్రియను రెండుసార్లు చేస్తే పరమాణువు (x, 1 + y, z) కి చేరుతుంది, అంటే పక్క సెల్‌లో తనవంటి దాని స్థానానికే చేరుతుంది. గ్లైడ్‌ను రెండుసార్లు చేస్తే a వెంట ఒక పూర్తి సెల్ దూరం వస్తుంది. జాలకంతో పొందిక కుదరాలంటే ఇక్కడ సగమే తగిన జరుగుదల.

ఈ జరుగుదల వలన కలిగే భౌతిక ఫలితం ముఖ్యమైనది. కేవలం అద్దపు తలమే ఉంటే ఒక అణువులోని ఉబ్బెత్తు భాగానికి ఎదురుగా దాని ప్రతిబింబంలోని ఉబ్బెత్తు భాగమే వస్తుంది, వాటి నడుమ ఖాళీ మిగులుతుంది. సగం జరిగితే ఉబ్బెత్తు పక్క అణువు పల్లంలో ఒదుగుతుంది. రష్యన్ శాస్త్రవేత్త కిటైగొరోడ్‌స్కీ సేంద్రియ స్ఫటికాల దట్టమైన అమరికను ఈ సూత్రంతోనే వివరించాడు. ఇంతవరకు నిర్ణయించిన సేంద్రియ స్ఫటిక నిర్మాణాలలో సుమారు మూడింట ఒక వంతు ఈ ఒక్క స్పేస్ గ్రూపుకే చెందడానికి కారణం కూడా ఇదే.

4. సెల్‌లో రెండే అణువులు:

నాఫ్తలీన్ సెల్ కొలతలు సుమారుగా a = 8.24, b = 6.00, c = 8.66 ఆంగ్‌స్ట్రాములు, β కోణం 122.9 డిగ్రీలు. ఘనపరిమాణం 360 ఘన ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉంటుంది. అణుభారం 128, సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.16 గ్రాములు. వీటిని బట్టి లెక్కిస్తే ఒక సెల్‌లో 1.96, అంటే రెండు అణువులు వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. పై సౌష్ఠవం ప్రకారం సాధారణ స్థానంలో ఉన్న ప్రతి వస్తువుకు సెల్‌లో నాలుగు ప్రతులు ఉండాలి. ఉన్నవేమో రెండే అణువులు. ఈ చిక్కుకు ఒకటే పరిష్కారం: అణువు తన మధ్యబిందువును సౌష్ఠవ కేంద్రం మీదనే నిలుపుకోవాలి. అప్పుడు అణువులోని ఒక సగాన్ని రెండవ సగంగా మార్చే పనిని ఆ కేంద్రమే చేస్తుంది. కనుక పరిశోధకుడు 10 కార్బన్ల స్థానాలను కాక 5 కార్బన్ల స్థానాలనే కనుగొంటే చాలు. అణువుకు సౌష్ఠవ కేంద్రం ఉందన్న సంగతి ఒక్క పరమాణువు స్థానమైనా తెలియకముందే, గుర్తు నుంచి, సాంద్రత నుంచి తేలిపోతుంది.

ఒక అణువు కేంద్రం (0, 0, 0) వద్ద ఉంటే రెండవది (½, ½, 0) వద్ద ఉంటుంది. ఈ స్థానాలను మాత్రమే చూసినవారికి ఇది C జాలకమేమో, P అని తప్పుగా రాశారేమో అన్న అనుమానం కలగవచ్చు. కాని రెండవ అణువు మొదటిదానికి జరిపిన నకలు కాదు, గ్లైడ్ ప్రతిబింబం. దాని వాలు వేరు. పక్కపక్క అణువులు చేప ముల్లులోని ఈనెల వలె ఎదురెదురుగా వాలి ఉంటాయి. జాలక బిందువు కావాలంటే స్థానంతోపాటు వాలు కూడా కలవాలి. ప్రయోగంలో కూడా ఈ తేడా తెలుస్తుంది. C జాలకమైతే h + k బేసి సంఖ్య అయిన వివర్తన చుక్కలన్నీ మాయం కావాలి. నాఫ్తలీన్‌లో అటువంటి చుక్కలు చాలా కనిపిస్తాయి.

5. కనిపించని చుక్కల సాక్ష్యం:

మరి ఏ చుక్కలు మాయమవుతాయి? నిర్మాణాన్ని b రేఖ మీదకు కుదించి చూస్తే y వద్ద ఉన్న ప్రతి పరమాణువుకు ½ + y వద్ద జత కనిపిస్తుంది. ఆ రేఖ మీద ఆవృత్తి దూరం b కాదు, దానిలో సగం. అందువలన 0k0 చుక్కలలో k బేసి అయినవి ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. ఇది స్క్రూ అక్షం ముద్ర. అదే విధంగా b వెంట చూస్తూ ac తలం మీదకు కుదిస్తే ప్రతి పరమాణువుకు a వెంట సగం దూరంలో జత ఉంటుంది. కనుక h0l చుక్కలలో h బేసి అయినవి మాయమవుతాయి. ఇది గ్లైడ్ ముద్ర.

ఈ రెండు సాక్ష్యాల బలం సమానం కాదు. గ్లైడ్‌కు ఒక తలం నిండా చుక్కలు సాక్ష్యమిస్తాయి. స్క్రూ అక్షానికి ఒక వరుస మాత్రమే ఉంటుంది. b 6.00 ఆంగ్‌స్ట్రాములే కనుక, 1.54 ఆంగ్‌స్ట్రాముల రాగి కిరణంతో k గరిష్ఠంగా 7 వరకే వెళుతుంది. అంటే పరీక్షకు నిలిచేవి 1, 3, 5, 7 అనే నాలుగు చుక్కలే. వాటిలో ఒకచోట మసక వెలుగు కనిపించినా నిర్ణయం తడబడుతుంది. కిరణపుంజంలో సగం తరంగదైర్ఘ్యం కలిసి ఉంటే 060 చుక్క సరిగ్గా 030 స్థానంలో పడుతుంది. స్ఫటికంలోపల కిరణం రెండుసార్లు వివర్తనం చెందినా నిషిద్ధ స్థానంలో చుక్క రావచ్చు. రెండవ కారణాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ చుక్కకు కారణమైన తలాలను కదల్చకుండా, వాటి లంబరేఖ చుట్టూ స్ఫటికాన్ని తిప్పుతారు. నిజమైన చుక్క తీవ్రత దాదాపు స్థిరంగా ఉంటుంది. దొంగచుక్క కొన్ని కోణాల వద్ద మెరిసి, మిగిలిన కోణాల వద్ద ఆరిపోతుంది.

6. ఒకే సమూహం, వేర్వేరు పేర్లు:

a, c అక్షాల పేర్లను పరస్పరం మార్చి, కుడిచేతి క్రమం చెడకుండా b దిక్కును తిప్పితే జరుగుదల c వెంట పడుతుంది. అప్పుడు గుర్తు P 1 2₁/c 1 అవుతుంది. ac తలంలో కర్ణాన్ని అక్షంగా ఎంచుకొంటే a స్థానంలో n వస్తుంది. స్ఫటికం మాత్రం మారదు. అంతర్జాతీయ పట్టికలలో ఇవన్నీ 14వ సంఖ్య కిందనే ఉన్నాయి. కాబట్టి ఒక పత్రం P2₁/a అనీ, మరొకటి P2₁/c అనీ రాసినంత మాత్రాన రెండు వేర్వేరు స్ఫటిక రూపాలు దొరికాయని అనుకోకూడదు. ముందు సెల్ కొలతలను పోల్చాలి. b కి బదులు c ని ప్రత్యేక అక్షంగా తీసుకొన్న పత్రాలు కూడా ఉన్నాయి. అక్కడ పూర్తి గుర్తు P 1 1 2₁/a అవుతుంది. రెండు 1 ల స్థానాన్ని చూడనివారికి ఈ భేదం తెలియదు.

స్క్రూ అక్షానికి, గ్లైడ్ తలానికి నడుమ ఉన్న అసలు తేడా చక్కెర స్ఫటికంలో స్పష్టమవుతుంది. చక్కెర అణువు కుడి, ఎడమ చేతుల వలె తన ప్రతిబింబంతో ఏకీభవించనిది. స్క్రూ అక్షం అణువును తిప్పి జరుపుతుందే తప్ప దాని చేతివాటాన్ని మార్చదు. గ్లైడ్ తలం దానిని తారుమారు చేస్తుంది. చెరకు నుంచి వచ్చే చక్కెరలో ఒకే చేతివాటం గల అణువులు ఉంటాయి కనుక దాని స్ఫటికంలో గ్లైడ్‌కు చోటు లేదు. దాని పూర్తి గుర్తు P 1 2₁ 1. ఇక్కడ మాయమయ్యేవి 0k0 వరుసలోని బేసి చుక్కలు మాత్రమే. అయితే P 1 2₁/m 1 అనే మరో సమూహంలో కూడా సరిగ్గా అవే మాయమవుతాయి. నాఫ్తలీన్ సమూహాన్ని మాయమైన చుక్కలు ఒక్కటే సందేహం లేకుండా తేల్చగా, చక్కెర విషయంలో అవి రెండు అవకాశాలను మిగులుస్తాయి. వాటిలో m అద్దపు తలం కనుక, అణువు చేతివాటం తెలిసిన రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రెండవదానిని తోసిపుచ్చుతాడు.