వంటింటి గడప దగ్గర ఆగిపోయే లెక్క

వీధి చివర బండి దగ్గర ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు అనుకుందాం. ఆ 40 రూపాయలు దేశపు స్థూల దేశీయోత్పత్తిలో, అంటే జీడీపీలో చేరతాయి. ఎలా చేరతాయో గమనిస్తే ఆ పెద్ద మాట వెనకున్న పద్ధతి తెలిసిపోతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్యాసు, పచ్చడి ఖర్చులు పక్కన పెడదాం. ఆ ప్లేటుకు సరిపడా ధాన్యం, మినుములు అమ్మిన రైతుకు 10 రూపాయలు వచ్చాయి. మిల్లువాళ్లు వాటిని రవ్వగా, పప్పుగా మార్చి 14కు అమ్మారు. కిరాణా కొట్టు 18కి అమ్మింది. బండి నడిపే ఆవిడ పప్పు నానబోసి, రుబ్బి, పిండి పులియబెట్టి, ఇడ్లీ వేసి 40కి పెట్టింది.

ఈ అమ్మకాలన్నీ కూడితే 82 రూపాయలు వస్తాయి. కానీ ఆ లెక్క తప్పు, ఎందుకంటే రైతు పంట విలువే అందులో నాలుగుసార్లు పడింది. అందుకే జీడీపీ ఒక్కొక్కరు కొత్తగా చేర్చిన విలువనే తీసుకుంటుంది: రైతు 10, మిల్లు 4, కొట్టు 4, బండి 22. మొత్తం 40. చివరికి తినేవాడు చెల్లించిన ధరా అంతే. దేశం సరిహద్దుల లోపల ఒక ఏడాదిలోనో, మూడు నెలల్లోనో ఇలా చేరిన విలువలన్నీ కలిపితే వచ్చేదే జీడీపీ. పాత స్కూటరు చేతులు మారినా, తండ్రి కొడుక్కి డబ్బు పంపినా అందులో ఏమీ చేరదు. అక్కడ కొత్తగా తయారైంది ఏమీ లేదు కదా.

ఇప్పుడు అదే రవ్వ, అదే పప్పు ఒక ఇల్లాలు కొట్లో 18 రూపాయలకు కొని ఇంటికి తెచ్చిందనుకుందాం. ఆ 18 రూపాయలు కుటుంబ వినియోగం కింద జీడీపీలో చేరతాయి. ఆమె కూడా నానబోస్తుంది, రుబ్బుతుంది, ఇడ్లీ వేస్తుంది. బండి ఆవిడ చేతిలో 22 రూపాయల విలువ చేసిన పని ఇక్కడ సున్నా అవుతుంది. పిల్లలు తిన్న ఇడ్లీలో తేడా ఏమీ లేదు.

డబ్బు చేతులు మారలేదు కాబట్టి వదిలేశారేమో అనిపిస్తుంది. అది పూర్తి కారణం కాదు. రైతు ఇంటి తిండికి అట్టేపెట్టుకున్న ధాన్యం జీడీపీలో ఉంది. గేదె పాలలో ఇంట్లో తాగేసిన పాలకూ విలువ కట్టి కలుపుతారు. ఇంకా ఆశ్చర్యం సొంతింటి సంగతి: అందులో ఉంటున్న యజమాని ఎవరికీ అద్దె కట్టకపోయినా, అదే ఇంటికి ఎంత అద్దె వచ్చేదో అంచనా వేసి ఉత్పత్తిలో చేరుస్తారు. ఎవరూ ఇవ్వని, ఎవరూ పుచ్చుకోని అద్దె అది! ప్రపంచ దేశాలు అనుసరించే ఐక్యరాజ్యసమితి జాతీయ లెక్కల విధానం ప్రకారం ఇంట్లో వాడుకోవడానికి పండించిన, తయారుచేసిన వస్తువులు లెక్కలోకి వస్తాయి. ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లకే చేసే వంట, ఊడ్పు, బట్టల ఉతుకు, పసిపిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ రావు. జీతానికి పెట్టుకున్న పనిమనిషి చేస్తే మాత్రం వస్తాయి.

ఈ గీత గీసినవాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. ఇంటి వంట బజారు ధరలమీద, పన్నులమీద, ద్రవ్యోల్బణంమీద నేరుగా ప్రభావం చూపదు. దానికి ధర లేదు కాబట్టి ఎంత విలువ కట్టాలన్నా ఊహించాల్సిందే. పైగా దాన్ని ఉత్పత్తి అంటే ఇంటి పని చేసే ప్రతి ఒక్కరూ ఉద్యోగస్తులే అయిపోతారు, నిరుద్యోగం లెక్కకు అర్థమే మిగలదు. ఇవన్నీ నిజమే. అయినా ఎవరూ కట్టని అద్దెను ఊహించగలిగిన చేతులు అన్నం వండే పని దగ్గర ఆగిపోవడం న్యాయంగా లేదు.

ఆ గీత ఎంత విచిత్రంగా పడుతుందో గోదావరి జిల్లాలవాళ్లకు, కడప వైపువాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. అక్కణ్ణించి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్తుంటారు. తన ఇంట్లో వండినన్నాళ్లు ఆమె పని ఏ దేశపు ఉత్పత్తీ కాదు. కువైట్‌లో ఇంకొకరి ఇంట్లో జీతానికి వండితే అది కువైట్ జీడీపీలో చేరుతుంది. ఆమె ఇంటికి పంపిన డబ్బు మన జీడీపీలో చేరదు, అది బయటినుంచి వచ్చిన బదిలీ మాత్రమే. ఆ డబ్బుతో ఇల్లు కట్టిస్తే ఆ కట్టుబడి మన జీడీపీ. ఆమె లేని ఇంట్లో పిల్లల్ని సాకే అమ్మమ్మ శ్రమ మళ్లీ ఎక్కడా లేదు.

కరోనా లాక్‌డౌన్ కాలంలో దీన్ని దేశమంతా అనుభవించింది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో భారత జీడీపీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయిందని మొదటి అంచనా చెప్పింది. వ్యాపారం, హోటళ్లు, రవాణా ఉన్న విభాగం దాదాపు సగానికి కుంగింది. ఆ నష్టం నిజమైనదే, జీవనాధారాలు పోయాయి. కానీ హోటళ్లు, బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు మూతపడ్డప్పుడు ఆ పనిలో కొంత ఇళ్లలోకి మారింది. తగ్గిన పని లెక్కకు తెలిసింది. పెరిగిన పని తెలియలేదు.

ఆ పని ఎంతో కొలవడానికి దారి లేకపోలేదు. జాతీయ గణాంక కార్యాలయం ఇళ్లకు వెళ్లి, ముందురోజు ఏ వేళ ఏం చేశారని అడిగి రాసుకుంటుంది. దాన్ని కాల వినియోగ సర్వే అంటారు. 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసిన మహిళలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు, అంటే ఐదు గంటలకు దగ్గరగా వెచ్చించారు. ఆ పనులు చేసిన పురుషులు 88 నిమిషాలు.

నిమిషాలు తెలిశాక చిక్కు రూపాయల దగ్గర వస్తుంది. ఐదు గంటల పనికి మనిషిని పెట్టుకుంటే గంటకు 50 రూపాయలు అవుతుందనుకుంటే రోజుకు 250. అదే పని చేయడానికి గంటకు 500 సంపాదించగల ఉద్యోగం మానుకున్న ఆమె విషయంలో, పోగొట్టుకున్న జీతాన్ని కొలతగా తీసుకుంటే 2,500. సాంబారు ఒకటే, విలువ పదింతలు మారింది. ఏ పద్ధతి ఎంచుకున్నారో చెప్పకుండా ఇంటి పని విలువ ఇన్ని లక్షల కోట్లని ఎవరైనా ప్రకటిస్తే దాన్ని నమ్మడానికి ముందు ఆ ప్రశ్న అడగాలి.

న్యాయస్థానాలు మాత్రం తప్పించుకోలేవు. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే పరిహారానికి ఆమె ఆదాయం ఇంతని ఏదో ఒక అంకె వేయాల్సిందే. 2021 జనవరిలో ఢిల్లీ దంపతుల ప్రమాద మరణం కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం పరిహారాన్ని 33.20 లక్షల రూపాయలకు పెంచింది. ఆ సందర్భంగా జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా అభిప్రాయం రాస్తూ, 2019 కాల వినియోగ సర్వే అంకెల్ని ఉదహరించి, గృహిణి పనికి నోషనల్ ఆదాయం కట్టడం ఎందుకు న్యాయమో వివరించారు.

మెక్సికో ఇంకో దారి పట్టింది. అక్కడి గణాంక సంస్థ జీడీపీని ముట్టుకోకుండా, జీతం లేని ఇంటి పనికి, సేవకు ఏటా పక్కనే వేరే ఖాతా రాస్తోంది. ఆ విలువ ఇటీవలి ఏళ్లలో మెక్సికో జీడీపీలో దాదాపు నాలుగో వంతుకు సమానంగా తేలుతోంది.