డక్ హంట్ ఏ పెట్టెలో ఆడుతుంది?

తొంభైల్లో టీవీకి తగిలించుకుని మారియో, కాంట్రా ఆడిన పిల్లలకు ఇప్పుడు సొంత సంపాదన ఉంది. ఆ ఆటలు మళ్లీ కొనుక్కుందామనే కోరికా ఉంది. అప్పట్లో మన దగ్గర అమ్మిన వీడియో గేముల్లో చాలావరకు జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కు నకళ్లు. అదే యంత్రం రూపు మార్చుకుని 1985లో ఎన్ఈఎస్ పేరుతో అమెరికా చేరింది.

ఇవాళ దాన్ని ఆడటానికి మూడు దారులున్నాయి: అసలు యంత్రం, నింటెండోయే 2016లో తెచ్చిన చిన్న ఎన్ఈఎస్ క్లాసిక్, పాత క్యాసెట్లు పెట్టుకునే కొత్త రెట్రో కన్సోల్.

తుపాకీతో బాతుల్ని కొట్టే డక్ హంటే మీకు కావాలంటే అసలు యంత్రం కొనాలి, దానికి తోడు పాత పిక్చర్ ట్యూబ్ టీవీ కూడా వెతుక్కోవాలి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్‌కు ఆ వెలుగు కనిపిస్తే బాతు పడినట్టు. ట్యూబ్ టీవీ ఆ చదరాన్ని ఏమాత్రం ఆలస్యం లేకుండా చూపిస్తుంది. ఎల్ఈడీ టీవీ వచ్చిన బొమ్మను సరిచేసుకుని చూపేసరికి, యంత్రం వెలుగు కోసం చూసే సమయం దాటిపోతుంది. గురి ఎంత బాగున్నా బాతు పడదు.

క్లాసిక్‌లో డక్ హంట్ లేనేలేదు. అందులో ఉన్నవి 30 ఆటలే. మూడు మారియోలు, జెల్డా ఉన్నాయి. కాంట్రా లేదు, దాని తర్వాతి సూపర్ సి ఉంది. హెచ్‌డీఎంఐ తీగ తగిలిస్తే చాలు, ఏ టీవీ మీదైనా నడుస్తుంది. ఆటను ఎక్కడైనా ఆపి దాచుకోవచ్చు. కంట్రోలర్ తీగ మాత్రం మీటరు కూడా ఉండదు, టీవీ ముందే కూర్చోవాలి. తయారీ 2018తో ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. 620 ఆటలంటూ అదే ఆకారంలో అమ్మేవి నకిలీవి. మారియో మళ్లీ ఆడితే చాలనుకునేవాళ్లకు నేను అసలైన క్లాసిక్‌నే చెబుతాను.

అసలు ఎన్ఈఎస్‌కు ఓపిక కావాలి. ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే చాలాసార్లు లోపం క్యాసెట్ కూర్చునే 72 పిన్నుల దగ్గరే ఉంటుంది. నోటితో ఊదకండి, ఆ తేమకు రాగి పాడవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో క్యాసెట్ అంచును తుడవండి. జెల్డా క్యాసెట్‌లో ఆటను గుర్తుపెట్టుకునేది టంకం వేసిన బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే దాచుకున్న ఆట కూడా పోతుంది. అమెరికా అడాప్టర్ 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది.

అటక మీద చిన్నప్పటి క్యాసెట్లు ఉన్నవాళ్లు ముందు వాటి పిన్నులు లెక్కపెట్టుకోవాలి. మన నకళ్ల క్యాసెట్లు చాలావరకు ఫామికామ్ తరహా 60 పిన్నులవి, ఎన్ఈఎస్‌లో పట్టవు. రెట్రాన్ 5 లాంటి రెట్రో కన్సోల్‌లో ఆ స్లాటు ఉంటుంది. కానీ అది ముందు క్యాసెట్‌లోని ఆటను తనలోకి కాపీ చేసుకుని, ఆ కాపీని నడుపుతుంది. ఒక్క క్యాసెట్‌లో వందల ఆటలుండే రకం దగ్గర ఆ కాపీ తరచు కుదరదు. క్యాసెట్‌ను నేరుగా చదివే అనలాగ్ ఎన్‌టీ మినీలో ఆ చిక్కు తక్కువ, ధర మాత్రం చాలా ఎక్కువ.