ఒకటా, ఏడా? చేతిరాత వర్క్‌షీట్‌లో అంకెను తేల్చుకునే పద్ధతి

ఎప్‌సెట్, జేఈఈ కోచింగ్ సెంటర్లు ఇచ్చే వర్క్‌షీట్లలో కొన్ని లెక్చరర్లు చేత్తో రాసి జిరాక్స్ తీయించినవి. కాగితం కలిసిరావాలని ఒక్క పేజీలో ఇరవై, ముప్ఫై లెక్కలు ఇరికిస్తారు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసేకొద్దీ సన్నటి గీతలు చెరిగిపోతాయి. అప్పుడు ఎక్కువగా తికమక పెట్టేవి 1, 7. ఒకటికి పైన చిన్న కొక్కెం పెట్టే అలవాటు ఉన్నవారి రాతలో, ఏడు పైగీత కురచైతే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇలాంటి చోట ముందుగా చూడవలసింది అదే పేజీలో సందేహానికి తావులేని అంకెలను. ప్రశ్నల వరుస సంఖ్యలు అలాంటివే. 16కూ 18కీ మధ్య ఉన్నది 17 కాక మరొకటి కాదు కనుక, రాసినవారి ఒకటీ ఏడూ అక్కడ పక్కపక్కనే దొరుకుతాయి. ఆప్షన్లకు 1 నుంచి 4 వరకే అంకెలు వేసిన షీటులో, కీలో ఏడులా కనిపించేది కూడా ఒకటే.

తర్వాత ఆ నమూనాలతో పైగీతను పోల్చాలి. సాధారణంగా ఒకటి కొక్కెం ఎడమ కొస శిఖరం కంటే కిందికి ఉంటుంది. ఏడు పైగీత అడ్డంగా సాగి, కుడి కొసన మలుపు తిరుగుతుంది. ఇరుకు వరుసలోని అంకెను ఇరుకు వరుసలోని నమూనాతోనే పోల్చాలి. చోటు తగ్గితే గీతల పొడవూ మారుతుంది.

ఒక ఉదాహరణ: నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన కారు త్వరణం 2 మీ/సె². సందేహమున్న అంకె కాలం. ఆ కాలంలో కారు ప్రయాణించిన దూరం ఎంత? ఆప్షన్లు 1, 14, 49, 98 మీటర్లు. దూరం ½at² కాబట్టి కాలం 1 సెకను అయితే 1 మీటరు, 7 సెకన్లు అయితే 49 మీటర్లు. రెండూ ఆప్షన్లలో ఉన్నాయి. అంటే జవాబు ఆప్షన్లలో దొరికినంత మాత్రాన అంకె తేలినట్టు కాదు. ఆ అంకె పైగీత అడ్డంగా ఉండి, 17లోని ఏడుతో సరిపోలితే అది 7 అనవచ్చు. కీలో మూడో ఆప్షన్ ఉంటే ఆ నిర్ణయానికి బలం చేకూరుతుంది. కీలో మొదటి ఆప్షన్ ఉంటే మాత్రం చదవడంలోనో, కీలోనో పొరపాటు ఉన్నట్టే.

ఆప్షన్లు లేని సంఖ్యాత్మక ప్రశ్నలకు ఈ ఆసరా తక్కువ. జిరాక్స్‌లో పైగీత పూర్తిగా పోతే పోల్చడానికీ ఏమీ మిగలదు. అప్పుడు రెండు విలువలతోనూ లెక్క చేసి, పక్కన ‘1 లేక 7’ అని రాసి, షీటు రాసిన సర్‌ను అడగాలి. 1/7 అని రాస్తే తర్వాత భిన్నంగా చదివే ప్రమాదముంది. నోట్సులోకి ఎక్కించేటప్పుడు ఏడు నడుముకు అడ్డగీత గీస్తే ఈ చిక్కు మళ్లీ రాదు.